‘31తో ఆఖరు’ అంటే ఆఖరే కావాలి: చిన్న బట్టల షాపు క్లియరెన్స్ మెయిళ్లు రాసే పద్ధతి

బజారులో ఏ బట్టల దుకాణం ముందు చూసినా ‘ఆఖరి మూడు రోజులు’ అన్న బ్యానర్ ఒకటి కనిపిస్తుంది. మూడు రోజులు పోతాయి, మూడు వారాలు పోతాయి, బ్యానర్ మాత్రం ఎండకు రంగు వెలిసి అక్కడే వేలాడుతుంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎప్పుడు కట్టారో ఎవరికి గుర్తుంటుంది?

ఈమెయిల్ సంగతి అలా కాదు. దాని మీద తేదీ ఉంటుంది, టైము ఉంటుంది. పది రోజుల తర్వాత వెతికినా దొరుకుతుంది. ‘31తో ఆఖరు’ అని మెయిల్ పంపిన షాపు జనవరి 3న ‘కస్టమర్ల కోరిక మేరకు మరో మూడు రోజులు’ అని ఇంకో మెయిల్ పంపితే, రెండూ ఒకదాని కింద ఒకటి అదే ఫోన్లో కనిపిస్తాయి. ఆ షాపు వచ్చే ఏడాది ఎన్ని మెయిళ్లు పంపినా ఆ కస్టమర్ తొందరపడదు. రోజులు లెక్కపెడుతూ పంపే మెయిళ్ల వరుస పనిచేయాలన్నా, ఎదురు తిరగాలన్నా కారణం ఇదే.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకన్న ప్రశ్న సహజం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది కంటే ఎక్కువ పట్టరు. పైగా షాపు నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మామూలు ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో పేరు, మెసేజ్ నమూనా నమోదు చేయించుకోవాలి. మెయిల్‌కు ఈ బాధలు తక్కువ, ఖర్చు కూడా దాదాపు లేనట్టే. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, రియాద్, జెద్దా, దుబాయ్‌లలో ఉండి ఇంట్లోవాళ్లకు బట్టలు కొనిపెట్టేవాళ్లు మెయిల్ చూస్తారు. కాబట్టి వాట్సాప్ మానేయాల్సిన పని లేదు, దాని పక్కన మెయిల్ కూడా నడిపించుకోవచ్చు.

ముందు సరుకు లెక్క, ఆ తర్వాతే మాటలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ టోలిచౌకిలో ఆడవాళ్ల, పిల్లల బట్టలు అమ్మే చిన్న షాపు ఉందనుకుందాం. యజమాని, ఆయన భార్య, ఒక సేల్స్ అమ్మాయి, అంతే. బిల్లు కొట్టేటప్పుడు అడిగి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర మాత్రమే తీసుకున్న మెయిల్ అడ్రసులు 640 ఉన్నాయి. 2026 డిసెంబర్ 25 శుక్రవారం నుంచి 31 గురువారం వరకు వారం రోజుల క్లియరెన్స్ పెట్టాలని అనుకున్నారు.

ఎందుకు పెట్టాలి? కారణం మామూలుదే. రంజాన్ నెల 2027 ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది, ఖచ్చితమైన రోజు నెలవంకను బట్టి. ఈద్ సరుకు కోసం మదీనా, పత్తర్‌గట్టి హోల్‌సేల్ బజారుకో, సూరత్‌కో జనవరిలోనే పోవాలి. దానికి చేతిలో డబ్బు కావాలి, షాపులో ర్యాకులు ఖాళీ కావాలి. ఈ రెండూ ఇప్పుడు అమ్ముడుపోని సరుకులో ఇరుక్కుని ఉన్నాయి. ఈ కారణాన్ని మెయిల్‌లో ఉన్నదున్నట్టు ఒక్క వాక్యంలో చెప్పాలి. ఎందుకు తగ్గిస్తున్నారో తెలిస్తే కస్టమర్‌కు ‘సరుకులో ఏదో లోపం ఉంది కాబోలు’ అన్న అనుమానం పోతుంది.

మెయిల్ రాయడానికి కూర్చునే ముందు కావలసింది ఒక కాగితం. దాని మీద ఏ రకం ఎన్ని పీసులు, ఏ సైజు ఎన్ని, కొన్న ధర, ట్యాగ్ ధర రాసుకోవాలి. మన షాపు లెక్క ఇలా తేలింది: కాటన్ కుర్తీలు 140, డ్రెస్ మెటీరియల్ 90, పిల్లల పార్టీ డ్రెస్సులు 75, పిల్లల స్వెటర్లు 60, పాత కట్ అబాయాలు 45. మొత్తం 410 పీసులు. వరుసలోని అన్ని మెయిళ్లూ ఈ కాగితంలోంచే పుడతాయి. ఇది లేకుండా రాయడం మొదలుపెడితే ‘బంపర్’, ‘ధమాకా’, ‘త్వరపడండి’ తప్ప ఇంకేమీ రావు.

ధర ఎంతకు దించాలన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. కుర్తీ ఒకటి 420 రూపాయలకు పడింది, ట్యాగ్ 799 అనుకుందాం. 40 శాతం తగ్గిస్తే 479. అందులో జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు రెడీమేడ్ పీసుకు జీఎస్టీ 5 శాతం కాబట్టి, షాపుకు మిగిలేది సుమారు 456. అంటే కొన్న ధర మీద 36 రూపాయలు. 50 శాతం తగ్గించి 399కి ఇస్తే చేతికొచ్చేది 380, అంటే పీసుకు 40 రూపాయల నష్టం. రెండేళ్లుగా కదలని సరుకైతే ఆ నష్టం భరించి వదిలించుకోవడమే నయం కావచ్చు. కుర్తీలకు ఆ అవసరం లేదు. ఈ హిసాబు మెయిల్‌లో కనిపించదు. కానీ ముందే వేసుకోకపోతే నాలుగో రోజు సేల్ డల్‌గా ఉందని కంగారుపడి ఇష్టమొచ్చినట్టు ధర దించేస్తారు.

ధర దిగకూడదు, సైజులు తగ్గాలి

ఇక్కడే చాలా షాపులు పొరపాటు పడతాయి. మొదటి రోజు 20 శాతం, నాలుగో రోజు 30, ఆఖరి రోజు 50 అని మెట్లు పెడతాయి. రోజూ కొత్త మెయిల్ రాయడానికి ఒక సాకు దొరుకుతుంది నిజమే. కానీ రెండో మెయిల్ అందేసరికి కస్టమర్‌కు విషయం అర్థమైపోతుంది, ఆగితే ఇంకా తగ్గుతుందని. ముందు రోజుల్లో కొన్నవాళ్లు, అంటే షాపును నమ్మి ముందుగా వచ్చినవాళ్లు, ఎక్కువ డబ్బు కట్టినట్టు అవుతుంది. 26న 639కి కుర్తీ కొన్న ఆవిడకు 31న ‘అదే కుర్తీ 399’ అని మెయిల్ వెళ్తే ఆవిడ ఏమనుకుంటుందో చెప్పక్కర్లేదు.

మెట్ల పద్ధతి ఎక్కడా నడవదని కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ఫైలీన్స్ అనే స్టోరు 20వ శతాబ్దం మొదట్లోనే బేస్‌మెంట్‌లో సరుకు పెట్టి, రోజులు గడిచేకొద్దీ ధర దానంతటదే 25, 50, 75 శాతం తగ్గే పద్ధతి నడిపింది. చివరికి మిగిలింది దానధర్మాలకు పోయేది. అది నడిచిందంటే కారణం ఉంది. ఎప్పుడు ఎంత తగ్గుతుందో ముందే అందరికీ తెలుసు, పక్కన చేయి వేయడానికి బోలెడంత జనం ఉన్నారు. ఆగితే పీసు పోతుందన్న భయం నిజమైనది. 640 మంది లిస్టు ఉన్న గల్లీ షాపులో అంత పోటీ ఉండదు.

కాబట్టి మన షాపు ఏడు రోజులూ ఒకటే ధర పెట్టుకుంది. ఆ మాట మొదటి మెయిల్‌లోనే చెప్పింది. మరి తొందర ఎందుకు? ధర అక్కడే ఉంటుంది కానీ సైజులు అయిపోతుంటాయి. చిన్న షాపు దగ్గర ఉన్న నిజమైన తొందర అదొక్కటే. అది అబద్ధం కాదు, ఎవరూ తప్పు పట్టలేరు.

ఏడు రోజులకు ఐదు మెయిళ్లు

రోజుకొకటి చొప్పున ఏడు పంపాలని ఎక్కడా రాసి లేదు. పంపే ప్రతి మెయిల్‌లో ముందు మెయిల్‌లో లేని విషయం ఒకటి ఉండాలి. అలాంటిది దొరకని రోజు మెయిల్ లేదు, అంతే. ఈ లెక్కన మన షాపుకు ఐదు వచ్చాయి: 22న ముందస్తు కబురు, 25న ప్రారంభం, 28న సగం దారి, 30 సాయంత్రం, 31 ఉదయం. శని, ఆదివారాల్లో షాపులో ఎలాగూ రద్దీ ఉంటుంది, రాసే తీరిక కూడా ఉండదు.

మొదటిది డిసెంబర్ 22 మంగళవారం సాయంత్రం 7 గంటలకు వెళ్తుంది. ఫోన్లో సబ్జెక్టు లైను పూర్తిగా కనిపించదు, మొదటి ముప్పై, నలభై అక్షరాలే కనిపిస్తాయి. అందుకని తేదీలు ముందే రావాలి.

సబ్జెక్టు: 25–31 డిసెంబర్ క్లియరెన్స్, ధరలు ఇవీ

“అస్సలాము అలైకుం, నమస్తే. రంజాన్ సరుకు కోసం షాపులో చోటు కావాలి. అందుకే 410 పీసులు డిసెంబర్ 25 శుక్రవారం నుంచి 31 గురువారం రాత్రి 9 గంటల వరకు తగ్గించిన ధరకు ఇస్తున్నాం. కాటన్ కుర్తీలు 799వి 479. డ్రెస్ మెటీరియల్ 1,100ది 550. పిల్లల పార్టీ డ్రెస్సులు 1,200వి 720. పిల్లల స్వెటర్లు 650వి 455. అబాయాలు 1,800వి 1,170. ఏడు రోజులూ ఇవే ధరలు, ఆఖరి రోజు ఇంకా తగ్గవు. శుక్రవారం జుమా నమాజు తర్వాత మధ్యాహ్నం 3 గంటలకు తెరుస్తాం, మిగతా రోజులు ఉదయం 11 నుంచి రాత్రి 9 వరకు. సైజు సరిపోకపోతే 31 లోపు బిల్లు తెచ్చి మార్చుకోవచ్చు.”

కింద షాపు ఫోన్ నంబరు, అడ్రసు, మ్యాప్ లింకు. అంతే. ఇందులో ఒక్క ఆశ్చర్యార్థకం కూడా లేదని గమనించాలి. శాతాలకు బదులు రూపాయలు రాశారు. పర్సులో ఎంత పెట్టుకుని రావాలో కస్టమర్‌కు అర్థమయ్యేది రూపాయల్లోనే. కొట్టేసి చూపించే పాత ధర కూడా నిజంగా ఆ సరుకు అమ్మిన ధరే అయి ఉండాలి. సేల్ కోసం ట్యాగ్ పెంచి, మళ్లీ దించితే అది మోసమే.

రెండో మెయిల్ 25 శుక్రవారం ఉదయం 10కి. కొత్త విషయం ఏమిటి? సైజులు. ధరలు మళ్లీ వల్లె వేయకుండా ఏ సైజు ఎన్ని ఉన్నాయో చెబితే చాలు. ‘అబాయాలు 45 ఉన్నాయి. 54, 56 సైజులు ఎక్కువ. 58 మాత్రం ఆరే ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం పొడుగ్గా ఉన్న ఆవిడను ఆ రోజే మూడింటికి షాపు ముందు నిలబెడుతుంది. ఆరే అని రాసినప్పుడు లెక్కపెట్టి ఆరే ఉండాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ‘తప్పుడు తొందర’ కూడా ఒకటి. లేని కొరతను ఉన్నట్టు చూపడం, అయిపోని గడువును అయిపోతున్నట్టు చెప్పడం దాని కిందికే వస్తాయి. ఇంత చిన్న షాపును ఎవరు పట్టుకుంటారులే అనుకోవచ్చు. అథారిటీ కంటే ముందు పట్టుకునేది గల్లీలోని కస్టమరే. మెయిల్ చూసి వచ్చి, ర్యాకులో ఇరవై కనపడితే అక్కడే నవ్వేస్తుంది.

మధ్యలో వచ్చే మెయిలే అసలు పరీక్ష

మొదటి, ఆఖరి మెయిళ్లు రాయడం సులభం. 28 సోమవారం వెళ్లేదే కష్టం. కొత్తదనం పోయింది, గడువు ఇంకా దగ్గరపడలేదు. ఆదివారం రాత్రి షట్టర్ దించాక మళ్లీ లెక్క చూసుకున్నారనుకుందాం. 410లో 236 మిగిలాయి. కుర్తీలు 62, డ్రెస్ మెటీరియల్ 78, పార్టీ డ్రెస్సులు 41, స్వెటర్లు 36, అబాయాలు 19.

చూడగానే తెలుస్తోంది, డ్రెస్ మెటీరియల్ కదలడం లేదు. 90లో 12 మాత్రమే పోయాయి. యజమానికి వెంటనే తట్టేది ధర ఇంకా దించాలని. దించితే మొదటి మెయిల్‌లో ఇచ్చిన మాట పోతుంది, ఆ పన్నెండు మంది మోసపోయినట్టు అవుతుంది. అసలు కదలకపోవడానికి కారణం ధర కాదేమో చూడాలి. సగం ధరకు ఇస్తున్నా తీసుకోవడం లేదంటే, కుట్టించుకోవాలన్న బెంగ అడ్డొస్తోంది. చలికాలం, పెళ్లి సీజన్ సగం అయిపోయింది, ఇప్పుడు కుట్టించి ఏం చేయాలి అనుకుంటున్నారు.

ఇక్కడ మెయిల్ చేయగలిగిన పని ఉంది. రంజాన్ మొదలయ్యాక దర్జీల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో ముస్లిం కుటుంబాల్లో తెలియనివాళ్లు ఉండరు. సగం నెల గడిచేసరికి చాలామంది దర్జీలు కొత్త ఆర్డర్లు ముట్టుకోరు. డిసెంబర్ చివర్లో మెటీరియల్ తీసుకుంటే జనవరిలో తీరిగ్గా, మామూలు కూలికే కుట్టించుకోవచ్చు, ఈద్‌కు రెడీ. ఈ మాట మొదటి మెయిల్‌లో లేదు. ధర ఒక్క రూపాయి తగ్గకుండానే ఇది కొత్త కారణం అవుతుంది.

సబ్జెక్టు: కుర్తీల్లో మీడియం అయిపోయింది, మిగిలినవి ఇవి

“ఆదివారం రాత్రికి మిగిలిన లెక్క: కుర్తీల్లో స్మాల్, మీడియం అయిపోయాయి. లార్జ్ 38, ఎక్స్ఎల్ 24 ఉన్నాయి. అబాయాలు 19 ఉన్నాయి, 58 సైజు అయిపోయింది. డ్రెస్ మెటీరియల్ 78 ఉన్నాయి, 550 చొప్పున. ఇప్పుడు తీసుకుంటే జనవరిలో దర్జీకి ఇవ్వొచ్చు, ఈద్ రద్దీ మొదలయ్యే లోపు కుట్టి వచ్చేస్తుంది. కావాలంటే మన వీధిలోని దర్జీ దగ్గర కొలతలు ఇచ్చి వెళ్లొచ్చు. డిసెంబర్ 31 గురువారం రాత్రి 9 వరకే.”

అయిపోయినవాటిని ముందు చెప్పడం చాలామంది వ్యాపారులకు మింగుడుపడదు. మీడియం కావాల్సినావిడ రాదు కదా అంటారు. ఆవిడ రాకపోవడమే మంచిది. ఆటో చార్జీ పెట్టుకుని వచ్చి లేదనిపించుకుంటే ఆవిడ తర్వాతి మెయిల్ తెరవదు. అయిపోయిందన్న మాట నిజమని తెలిస్తే, మిగిలిందన్న మాటకు విలువ వస్తుంది.

30 బుధవారం సాయంత్రం 6కి వెళ్లే నాలుగో మెయిల్ దూరంగా ఉన్నవాళ్ల కోసం. గల్ఫ్‌లో ఉండే భర్త మెయిల్ చూసి ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి, ఇంట్లోవాళ్లు మర్నాడు షాపుకు రావడానికి ఒక రోజు కావాలి. అందులో ‘భారత సమయం రాత్రి 9, అంటే సౌదీలో సాయంత్రం 6:30, దుబాయ్‌లో 7:30’ అని రాయాలి. ఫోన్ చేసి పీసు పక్కన పెట్టమనే సదుపాయం ఇస్తే దానికీ గడువు పెట్టాలి, 31 సాయంత్రం 6 వరకు అని. లేకపోతే సగం సరుకు ‘వస్తామన్నారు’ అన్న చీటీ కింద ఉండిపోతుంది.

ఒక మాట మాత్రం ఏ మెయిల్‌లోనూ రాయకూడదు. అది ‘రేపే ఆఖరు’. బుధవారం పంపిన మెయిల్‌ను గురువారం తెరిచేవాళ్లకు ఆ ‘రేపు’ శుక్రవారం అవుతుంది. మూసిన షట్టర్ ముందుకు వస్తారు. ప్రతిసారీ తేదీ, వారం, గంట మూడూ రాయాలి. గంటలు నిమిషాలు కదిలే గడియారం బొమ్మలు కూడా ఇంతే. కొన్ని ఫోన్లలో అవి మొదటి అంకె దగ్గరే నిలిచిపోయి కనిపిస్తాయి, తప్పు లెక్క చూపిస్తాయి.

ఐదో మెయిల్ 31 గురువారం ఉదయం 11కి, మూడే మూడు లైన్లు. ఏమేం మిగిలాయి, ఎన్ని గంటల వరకు, ఫోన్ నంబరు. సాయంత్రం ఏడింటికి పంపితే మెహదీపట్నం ట్రాఫిక్ దాటి ఎవరూ చేరలేరు. ఈ మెయిల్ అందరికీ వెళ్లకూడదు కూడా. వారంలో కొన్నవాళ్లను తీసేయాలి. ఇందుకు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు. రోజూ రాత్రి బిల్లు బుక్కులోని ఫోన్ నంబర్లను మెయిల్ లిస్టుతో పోల్చి, కొన్నవాళ్ల పేర్ల పక్కన టిక్కు పెడితే సరిపోతుంది. ఇప్పటికే కొని తీసుకెళ్లిన మనిషికి ‘ఇంకా రాలేదా’ అన్నట్టు మెయిల్ వెళ్తే చిరాకు పడదా?

పంపేటప్పుడు జరిగే పొరపాట్లు

మామూలు జీమెయిల్‌లో కూర్చుని 640 అడ్రసులు అతికించి పంపేద్దామంటే కుదరదు. దాని పరిమితి రోజుకు 500 మంది. దాటితే ఖాతా కాసేపు ఆగిపోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. తొందరలో అడ్రసులన్నీ ‘టు’ లేదా ‘సీసీ’ గడిలో పెడితే, 640 మంది అడ్రసులు 640 మందికీ కనిపిస్తాయి. అందులో ఎక్కువ ఆడవాళ్లవే. షాపు మీద నమ్మకంతో ఇచ్చిన అడ్రసు ఊరందరికీ పంచినట్టే. మళ్లీ ఎవరూ ఇవ్వరు. అందుకే మెయిల్ పంపే సర్వీసు ఏదైనా వాడుకోవడం మంచిది. ఇలా చిన్న లిస్టులకు ఉచితంగా పనిచేసేవీ ఉన్నాయి.

ఆ సర్వీసుతో పంపాలంటే షాపు పేరు మీద సొంత డొమైన్ అడ్రసు ఉండాలి. మెయిల్ నిజంగా ఆ షాపు నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం అనే రెండు సెట్టింగులు పెట్టించాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. డొమైన్ అమ్మినవాళ్లో, కంప్యూటర్ తెలిసిన కుర్రాడో అరగంటలో చేసిపెడతారు. కానీ ఇది డిసెంబర్ మొదటి వారంలోనే అయిపోవాలి, 22 సాయంత్రం ఆరున్నరకు కాదు.

మెయిల్ స్పామ్‌లో పడుతుందంటే చాలామంది ‘డిస్కౌంట్’ అన్న మాట వల్లే అనుకుంటారు. అంతకంటే ఎక్కువ దెబ్బతీసేది చదివేవాళ్లు నొక్కే ‘స్పామ్’ బటన్. ఆ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని గూగుల్ చెబుతోంది. 640 మందిలో ఇద్దరు నొక్కితే చాలు, ఆ గీత దాటినట్టే. కాబట్టి వద్దనుకునేవాళ్లు తప్పుకునే లింకు ప్రతి మెయిల్ కింద స్పష్టంగా ఉండాలి. వెళ్లిపోయేవాళ్లను వెళ్లనివ్వడం ఫిర్యాదు కంటే చవక.

ఇంకొకటి, మెయిల్ మొత్తాన్ని ఒకే బొమ్మగా చేసి పంపడం. ప్రింటింగ్ ప్రెస్‌లో చేయించిన పాంప్లెట్‌నే ఫోటో తీసి మెయిల్‌లో అతికించేస్తారు. బొమ్మ లోడ్ కాకపోతే ఖాళీ గడి తప్ప ఏమీ కనపడదు. ధర, తేదీ, సైజులు అక్షరాల్లోనే ఉండాలి. రెండు మూడు ఫోటోలు, బట్టను పరిచి తీసినవి, చాలు.

ఎంతమంది తెరిచారో సర్వీసు చూపించే అంకెను మరీ నమ్మొద్దు. ఐఫోన్ మెయిల్ యాప్ 2021 నుంచి, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్క చూపిస్తోంది. అసలైన కొలత బిల్లు దగ్గరే ఉంటుంది. ‘మెయిల్ చూసి వచ్చారా?’ అని సేల్స్ అమ్మాయి ఒక్క మాట అడిగి, బిల్లు మూలన ‘మె’ అని రాస్తే వారం చివర్లో ఏ మెయిల్ తర్వాత ఎన్ని పీసులు కదిలాయో తెలిసిపోతుంది.

మార్పిడి మాట, మిగిలిన సరుకు

క్లియరెన్స్ అనగానే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని మెయిల్ కింద రాసేయడం అలవాటు. సైజు నచ్చకపోతే మార్చాలా వద్దా అన్నది షాపు ఇష్టం. కానీ సరుకులో లోపం ఉంటే ఆ మాట చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కాబట్టి మెయిల్‌లో రెండూ వేరుచేసి చెప్పాలి: ‘సైజు మార్పిడి 31 వరకు. కుట్టులోనో బట్టలోనో లోపం ఉంటే 30 రోజుల్లో తెచ్చివ్వండి.’ చిన్న చిన్న మరకలు, గుండీలు పోయినవి ఉంటే వాటిని విడిగా పెట్టి, మెయిల్‌లో కూడా అలాగే చెప్పి అమ్మాలి.

31 రాత్రి 9కి షట్టర్ దిగేసరికి నలభయ్యో యాభయ్యో పీసులు మిగిలే ఉంటాయి. ఎప్పుడూ అంతే. వాటి కోసం ఆరో మెయిల్ రాయాలనిపిస్తుంది. రాయకూడదు. వాటిని కట్టగట్టి లోపల పెట్టి వచ్చే ఏడాదికి ఉంచొచ్చు, చిల్లర వ్యాపారికి ఒకే మొత్తానికి ఇచ్చేయొచ్చు, పేదలకు పంచొచ్చు. ఉచితంగా పంచితే ఆ సరుకు మీద ముందు తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాల్సి ఉంటుంది. అకౌంటెంట్‌కు ఆ సంఖ్య ఇచ్చి చెప్పాలి, లేదంటే తర్వాత నోటీసు వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

మెయిళ్లలో ఏదైనా వెబ్ పేజీకి, కేటలాగుకి లింకు పెట్టి ఉంటే అది కూడా అదే రాత్రి మార్చాలి. జనవరి 2న ఊరి నుంచి తిరిగొచ్చి పాత మెయిల్ తెరిచేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు లింకు నొక్కితే 479 కుర్తీ కనిపించకూడదు. ‘క్లియరెన్స్ డిసెంబర్ 31 రాత్రి 9కి ముగిసింది. రంజాన్ కొత్త సరుకు జనవరి చివర్లో వస్తుంది’ అన్న రెండు వాక్యాలు, షాపు ఫోన్ నంబరు కనిపిస్తే చాలు.